రిజల్ట్స్ ముందు క్యాలెండర్ స్ప్రెడ్: అమ్మే ముందు చూసుకోవాల్సినవి

రిజల్ట్స్ దగ్గరపడితే ఆ షేరు ఆప్షన్ల ప్రీమియం ఉబ్బుతుంది. రిజల్ట్స్ రాగానే ఆ ఉబ్బు, అంటే షేరు ఎంత ఊగుతుందోనన్న మార్కెట్ అంచనా అయిన ఐవీ, చప్పున దిగిపోతుంది. ఈ నెల కాల్ అమ్మి, అదే స్ట్రైక్‌లో వచ్చే నెల కాల్ కొంటే, అంటే క్యాలెండర్ స్ప్రెడ్ వేస్తే, ఆ దిగుడు మీద డబ్బు చేసుకోవచ్చు. కానీ చాలామంది మరిచిపోయేది, కొన్న కాల్ ఐవీ కూడా పడుతుందని.

ఊహించిన లెక్క ఒకటి చూద్దాం. షేరు 1500, స్ట్రైకూ అంతే. ఈ నెల ఎక్స్‌పైరీకి 8 ట్రేడింగ్ రోజులు, వచ్చే నెలదానికి 28. మామూలు రోజు ఊగిసలాట 1.5 శాతం, రిజల్ట్స్ రోజు 5 శాతం అనుకుందాం. ఏడాది లెక్కన ఈ నెల ఐవీ 36 శాతం దగ్గర, వచ్చే నెలది 28 దగ్గర ఉంటాయి. 38 రూపాయలకు అమ్మి 55కి కొన్నాం, చేతి నుంచి పోయింది 17.

మర్నాడు రెండు ఐవీలూ 24కి దిగాయి. షేరు కదలకపోతే అమ్మింది 24కి, కొన్నది 47కి వస్తాయి, రెంటి తేడా, అంటే స్ప్రెడ్, 23. లాభం 6 రూపాయలు. షేరు 5 శాతం పెరిగితే దాదాపు పెట్టిన డబ్బే మిగులుతుంది. 8 శాతం పెరిగితే స్ప్రెడ్ 10 దగ్గరికి జారి 7 రూపాయలు పోతాయి. ఐవీ అనుకున్నట్టే పడినా నష్టమే! అంటే మన పందెం ఐవీ మీద ఒక్కటే కాదు, షేరు పెద్దగా కదలదని కూడా.

అందుకే ముందు బోర్డు మీటింగ్ తేదీని ఎక్స్ఛేంజ్ ప్రకటనలో చూసుకోండి. అది ఈ నెల ఎక్స్‌పైరీ దాటితే ఉబ్బిన కాల్‌ని కొని, ఉబ్బనిదాన్ని అమ్మినట్టు అవుతుంది. హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ లాంటి బ్యాంకులు తరచూ శనివారం ప్రకటిస్తాయి కాబట్టి శుక్రవారం సాయంత్రం లోపే పొజిషన్ సర్దుకోవాలి.

మన మార్కెట్లో అసలు తలనొప్పి వచ్చే నెల కాల్. అందులో కొనేవాళ్లు తక్కువ. కొనే ధరకీ అమ్మే ధరకీ 4 రూపాయల తేడా ఉంటే, ఎక్కేటప్పుడు 2, దిగేటప్పుడు 2 పోతాయి. ఆరులో మిగిలేది రెండే, బ్రోకరేజీ, పన్నులు ఇంకా తీయలేదు. నేనొకసారి స్క్రీన్ మీద లాభం చూసి సంబరపడి, కొనేవాడు దొరకక గంటసేపు టెన్షన్ పడ్డాను. మార్కెట్ ఆర్డర్ వద్దు, లిమిట్ ఆర్డర్ పెట్టండి. తేడా రూపాయికి మించితే ఆ షేరు వదిలేయడమే నయం.

వరుస కూడా ముఖ్యం. ఎక్కేటప్పుడు ముందు కొనాలి, తర్వాత అమ్మాలి. దిగేటప్పుడు అమ్మినదాన్ని ముందు కొని మూసేయాలి. కొన్నది ముందు అమ్మేస్తే ఏ రక్షణా లేని నేకెడ్ షార్ట్ మిగిలి మార్జిన్ ఒక్కసారిగా పెరుగుతుంది.

అమ్మిన కాల్ ధర ఇంకా దిగుతుందేమోనని ఎక్స్‌పైరీ దాకా లాగకండి. షేరు ఆప్షన్లలో ఫిజికల్ సెటిల్‌మెంట్ ఉంది. షేరు స్ట్రైక్ పైన ఉండి అమ్మిన కాల్ ఇన్ ది మనీలో ముగిస్తే లాట్ మొత్తం షేర్లు ఇవ్వాలి, వచ్చే నెల కాల్ ఉన్నా ఆ రోజుకి షేర్లు రావు. నేనైతే రిజల్ట్స్ మర్నాడు, తొలి అరగంట గోల తగ్గాక, రెండు వైపులా మూసేస్తాను.