మొదటి స్ప్రింట్‌కు ముందే తేల్చుకోండి: స్క్రమ్‌లో ఎవరి మాట ఎంతవరకు?

సాఫ్ట్‌వేర్ పనిని స్ప్రింట్లనే చిన్న విడతలుగా చేసే స్క్రమ్ పద్ధతిలోకి మారే టీముల్లో తరచూ జరిగేది ఇది: ప్రాజెక్ట్ మేనేజర్‌ను స్క్రమ్ మాస్టర్ అంటారు, బిజినెస్ అనలిస్ట్‌ను ప్రొడక్ట్ ఓనర్ అంటారు, పని మాత్రం పాత దారిలోనే నడుస్తుంది. మొదటి స్ప్రింట్ ప్లానింగ్‌కు కూర్చునే ముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరే ఉండాలి. చేయాల్సిన పనుల జాబితా అయిన ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్‌లో ఏది ముందు, ఏది వెనక అన్నదానిలో చివరి మాట ఆ ఒక్కరిదే. క్లయింట్ అమెరికాలో ఉండి, హైదరాబాద్‌లో క్లయింట్ తరఫున కూర్చునే 'ప్రాక్సీ' ఓనర్‌తో నడిచే టీములకు అసలు చిక్కు ఇక్కడే. "ఈ ఐటమ్ పక్కన పెడదామా?" అని అడిగిన ప్రతిసారీ "క్లయింట్‌ని కనుక్కుని చెబుతాను" అంటున్నారంటే, ఆయన చేతిలో నిర్ణయం లేనట్టే. సాయంత్రం పంపిన ప్రశ్నకు మర్నాడు గానీ జవాబు రాదు, ఈలోగా డెవలపర్లు ఊహించి కట్టేస్తారు. ఆయన సొంతంగా ఏవేవి తేల్చవచ్చో క్లయింట్‌తో ముందే రాతలో పెట్టించుకోండి.

స్క్రమ్ మాస్టర్ పనులు పంచరు, అంచనాలు వేయరు. ఎంత పని పడుతుందో చెప్పాల్సింది చేసేవాళ్లే. డెవలపర్లంటే కోడ్ రాసేవాళ్లే కాదు, టెస్టర్లు, డిజైనర్లు కూడా. 15 నిమిషాల డైలీ స్క్రమ్ వాళ్లది. అందులో అందరూ స్క్రమ్ మాస్టర్ ముఖం చూసి "నిన్న ఇది చేశాను" అని అప్పజెబుతుంటే అది స్టేటస్ మీటింగ్ అయిపోయినట్టే. కొన్నాళ్లు ఆయన రాకుండా చూడండి. మీటింగ్ ఆగిపోతే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది స్ప్రింట్ మధ్యలో వచ్చే 'అర్జెంట్'. రెండు వారాల స్ప్రింట్, టికెట్ రద్దు చేస్తే డబ్బు వాలెట్‌కు చేరాలన్నది గోల్ అనుకుందాం. నాలుగో రోజున సేల్స్ హెడ్ నేరుగా ఒక డెవలపర్‌కు మెసేజ్ పెట్టారు: పండగకి కూపన్ కోడ్ కావాలి. మొహమాటపడి ఆ డెవలపర్ చడీచప్పుడు లేకుండా మొదలుపెడితే బోర్డు మీద అది కనిపించదు, రిఫండ్ టెస్టింగ్ చివరి రోజుకు జరుగుతుంది.

ఆ డెవలపర్ చెయ్యాల్సింది ఆ మెసేజ్‌ను ప్రొడక్ట్ ఓనర్‌కు చేరవేయడమే. కూపన్‌కు రెండు రోజులు పడుతుందని డెవలపర్లు చెబుతారు. గోల్ చెడకుండా రద్దు చరిత్ర చూపే స్క్రీన్ లాంటిదేదైనా తీసేయగలిగితే, ఓనర్, డెవలపర్లు మాట్లాడుకుని మార్చుకోవచ్చు. కుదరకపోతే కూపన్ బ్యాక్‌లాగ్‌లోకి పోతుంది, సేల్స్ హెడ్‌కు ఆ మాట చెప్పాల్సింది ఓనరే. నేరుగా డెవలపర్లకు పని చెబితే ఏం చెడుతుందో సేల్స్ హెడ్‌కు వివరించడం స్క్రమ్ మాస్టర్ వంతు. కూపన్ ఉండాలా వద్దా అన్నది స్క్రమ్ మాస్టర్ తేల్చేది కాదు.

రిఫండ్ విధానాన్నే కంపెనీ ఎత్తేసి గోల్‌కు అర్థం లేకుండా పోతే స్ప్రింట్‌ను రద్దు చేయవచ్చు. ఆ అధికారం మాత్రం ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరికే ఉంది.