కొత్త భాగస్వామి వచ్చాక మూలధన ఖాతాల్లో తేడా: తప్పు ఎక్కడ వెతకాలి

కొత్త భాగస్వామి ప్రవేశంలో వచ్చే తప్పుల్లో చాలా వాటిని ఆస్తి అప్పుల పట్టీ పట్టివ్వదు. ఒకరికి రావాల్సిన డబ్బు మరొకరి ఖాతాలో పడినా రెండు వైపులా మొత్తం సరిపోతుంది. అందుకే పట్టీ కుదిరిందా అని కాకుండా, ఎవరి ఖాతాలో ఎంత పడింది, ఎందుకు పడింది అని చూడాలి.

ఒక ఊహా సంస్థ తీసుకుందాం. ఆటో విడిభాగాల దుకాణంలో రవి, సునీత 3:2 నిష్పత్తిలో భాగస్వాములు. రవి మూలధనం 2,80,000, సునీతది 1,80,000. సాధారణ రిజర్వు 50,000 ఉంది, పుస్తకాల్లో పాత గుడ్‌విల్ 20,000 ఉంది. కిరణ్‌ను 1/5 వాటాకు చేర్చుకుంటున్నారు. అతను మూలధనం 1,40,000తో పాటు గుడ్‌విల్‌లో తన వాటా కూడా నగదుగా తెస్తాడు. కొత్త నిష్పత్తి 5:3:2. గుడ్‌విల్ అంటే నాలుగేళ్ల సగటు లాభానికి రెండు రెట్లు అని ఒప్పుకున్నారు.

సమస్య: గుడ్‌విల్ మరీ ఎక్కువగా ఉందని కొత్తవాడు అంటున్నాడు

నాలుగేళ్ల లాభాలు 90,000, 1,10,000, 1,60,000, 1,20,000. వీటిని ఉన్నవి ఉన్నట్టు కూడితే సగటు 1,20,000, గుడ్‌విల్ 2,40,000 వస్తుంది. మూడో ఏడాది ఒక్కసారిగా ఎందుకు పెరిగిందో చూస్తే కారణం దొరుకుతుంది. ఆ ఏడు పాత వ్యాను అమ్మితే వచ్చిన 40,000 లాభం అందులో కలిసి ఉంది. వ్యాను మళ్లీ మళ్లీ అమ్మేది కాదు కాబట్టి దాన్ని తీసేయాలి. అప్పుడు మొత్తం 4,40,000, సగటు 1,10,000, గుడ్‌విల్ 2,20,000. ఇందులో కిరణ్ వాటా 44,000.

అగ్నిప్రమాదం లాంటి అరుదైన నష్టం ఉంటే దాన్ని తిరిగి కలపాలి. పాతవాళ్లు ఇది గుర్తుంచుకుంటారు, వ్యాను సంగతే మరిచిపోతుంటారు.

సమస్య: పట్టీ కుదిరింది, కానీ సునీతకు తక్కువ వచ్చింది

అసలు తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కిరణ్ తెచ్చిన 44,000ను పాత నిష్పత్తి 3:2లో పంచి రవికి 26,400, సునీతకు 17,600 రాసేస్తారు. పాత భాగస్వాములు కదా, పాత నిష్పత్తే అని చేయి అలవాటుగా అటే పోతుంది.

కానీ ఆ డబ్బు వాటా వదులుకున్నందుకు వచ్చే పరిహారం. ఎవరు ఎంత వదులుకున్నారో లెక్క కట్టాలి. రవి వాటా 6/10 నుంచి 5/10కి తగ్గింది, అంటే 1/10 వదులుకున్నాడు. సునీత వాటా 4/10 నుంచి 3/10కి తగ్గింది, ఆమె వదులుకున్నదీ 1/10. త్యాగ నిష్పత్తి 1:1. కాబట్టి ఇద్దరికీ చెరి 22,000. తప్పు పద్దులో సునీత 4,400 నష్టపోయింది.

సరిచూసుకోవడానికి ఒక చిత్తుకాగితం చాలు. మొత్తం గుడ్‌విల్ 2,20,000ను పాత నిష్పత్తిలో క్రెడిట్ చేసినట్టు రాయండి: రవికి 1,32,000, సునీతకు 88,000. దాన్నే కొత్త నిష్పత్తిలో డెబిట్ చేసినట్టు రాయండి: 1,10,000, 66,000, 44,000. తేడా తీస్తే రవికి 22,000, సునీతకు 22,000 వస్తాయి, కిరణ్ నుంచి 44,000 పోతుంది. మీ పద్దు దీనితో కలవకపోతే తప్పు పద్దులోనే ఉంది.

కొత్త నిష్పత్తిలో పాతవాళ్లలో ఒకరి వాటా పెరగనూ వచ్చు. ఉదాహరణకు కిరణ్‌ను 1/10 వాటాకే చేర్చుకుని ఒప్పందం 4:5:1 అయితే సునీత వాటా 4/10 నుంచి 5/10కి చేరుతుంది. అప్పుడు రవి ఒక్కడే 2/10 వదులుకున్నాడు. అతనికి రావాల్సిన 44,000లో సగం కిరణ్, సగం సునీత ఇవ్వాలి. సునీత ఖాతా డెబిట్ కావాలన్నమాట. ఈ మాట ముందే చెప్పకపోతే సంతకాల రోజున గొడవవుతుంది.

సమస్య: ఆస్తుల వైపు గుడ్‌విల్ 2,20,000 కనిపిస్తోంది

చిత్తుకాగితంపై వేసిన లెక్కలో క్రెడిట్ సగాన్ని మాత్రమే పుస్తకాల్లోకి ఎక్కించారు. భారతీయ అకౌంటింగ్ ప్రమాణం 26 ప్రకారం సంస్థ తనంతట తాను సంపాదించుకున్న గుడ్‌విల్‌ను ఆస్తిగా చూపకూడదు. ఆ పద్దును తిప్పి రాసి, సర్దుబాటును మూలధన ఖాతాల్లోనే ముగించాలి. పుస్తకాల్లో ముందునుంచీ ఉన్న 20,000ను కూడా కొట్టివేయాలి, అయితే పాత నిష్పత్తిలో: రవికి 12,000, సునీతకు 8,000 డెబిట్. రిజర్వు కూడా పాత నిష్పత్తిలోనే, 30,000, 20,000. ఇవి కిరణ్ రాకముందు పోగైనవి, వాటితో అతనికి సంబంధం లేదు. గుడ్‌విల్ వాటాగా కిరణ్ తెచ్చే 44,000, అంటే ప్రీమియం సొమ్ము ఒక్కటే త్యాగ నిష్పత్తిలో పోతుంది.

సమస్య: చివర్లో ఎవరు ఎంత తేవాలో తేలడం లేదు

మూలధనాలు కొత్త లాభ నిష్పత్తిలో ఉండాలని ఒప్పందంలో రాసుకుంటేనే ఈ మెట్టు అవసరం. ఆధారం కిరణ్ మూలధనం. 1/5 వాటాకు 1,40,000 అంటే సంస్థ మొత్తం మూలధనం 7,00,000. అందులో రవిది 3,50,000, సునీతది 2,10,000 ఉండాలి.

ఇప్పుడు ఉన్నదెంత? రవికి 2,80,000కు రిజర్వు 30,000 కలిపి, 12,000 తీసి, ప్రీమియం 22,000 కలిపితే 3,20,000. సునీతకు అదే వరుసలో 2,14,000. రవి 30,000 తేవాలి, సునీత 4,000 తీసుకోవాలి.

ప్రీమియాన్ని 3:2లో పంచి ఉంటే సునీత ఖాతా 2,09,600 దగ్గర ఆగేది. అప్పుడు 4,000 తీసుకోవాల్సిన ఆమె ఎదురు 400 కట్టాల్సి వచ్చేది. చివరి లెక్కలో ఇలాంటి వింత కనబడితే ఈ మెట్టును తవ్వకండి, వెనక్కి వెళ్లి త్యాగ నిష్పత్తిని చూడండి.

ఇంకో కారణం వరుస తప్పడం. రిజర్వు, పాత గుడ్‌విల్, ప్రీమియం పద్దులన్నీ పడ్డాకే ఉన్న మూలధనాన్ని తేల్చాలి. రిజర్వు పంచకముందే లెక్క వేస్తే సునీత 4,000 తీసుకోవడానికి బదులు 16,000 తేవాలని వస్తుంది.

సమస్య: కొత్త భాగస్వామి గుడ్‌విల్ వాటాకు నగదు తేలేదు

కిరణ్ దగ్గర 1,40,000 మాత్రమే ఉంది, 44,000 తర్వాత ఇస్తానన్నాడు. ఆ 44,000ను అతని మూలధన ఖాతాకు డెబిట్ చేస్తే మూలధనం 96,000కు పడిపోతుంది. దాన్ని ఆధారంగా తీసుకుంటే సంస్థ మొత్తం మూలధనం 4,80,000 అని వచ్చి, పాతవాళ్లిద్దరూ పెద్ద మొత్తాలు వెనక్కి తీసుకోవాల్సినట్టు కనిపిస్తుంది. అందుకే సంస్థ పుస్తకాల్లో కిరణ్ పేరిట ఉండే కరెంటు ఖాతాను డెబిట్ చేసి, రవి, సునీతల మూలధన ఖాతాలకు చెరి 22,000 క్రెడిట్ చేయాలి. కిరణ్ మూలధనం 1,40,000గానే ఉంటుంది, బాకీ కరెంటు ఖాతాలో విడిగా కనబడుతుంది.

అతను ఆ 44,000ను సంస్థలోకి తేకుండా నేరుగా వాళ్లిద్దరి చేతికే ఇచ్చేస్తే, సంస్థ పుస్తకాల్లో దానికి ఏ పద్దూ ఉండదు.