ఎక్స్‌టర్నల్ కరోటిడ్ ఎనిమిది శాఖలు: కొండగుర్తు కట్టి, మెట్ల మీద పెట్టడం ఎలా?

మెడలో ఎక్స్‌టర్నల్ కరోటిడ్ ఆర్టరీకి ఎనిమిది శాఖలు. పేర్లు కష్టం కావు, వరుసే కష్టం. రాత్రి ఎనిమిదీ చదివి పడుకుంటే పొద్దున్న ఆరు మిగులుతాయి, ఆ ఆరులోనూ రెండు తారుమారై ఉంటాయి. ఈ ఒక్క జాబితాను తీసుకుని, లెక్చర్ నోట్సులోంచి తలలోకి ఎలా ఎక్కించుకోవాలో చెబుతాను.

ముందు నోట్సును సరిచేయండి

నేను మొదటిసారి తప్పు చేసింది ఇక్కడే. నోట్సులో శాఖలు గుంపులుగా ఉన్నాయి: ముందు నుంచి పుట్టేవి మూడు, వెనక నుంచి రెండు, లోపలి వైపు ఒకటి, చివరివి రెండు. అదే వరుస అనుకుని బట్టీపట్టాను. వైవాలో "కింద నుంచి పైకి చెప్పు" అన్నారు. రెండో పేరుకే ఆగిపోయాను. గుంపుల వరుస వేరు, కింద నుంచి పైకి వచ్చే వరుస వేరు అని అప్పుడు తెలిసింది.

కాబట్టి తెల్లకాగితం మీద నిలువుగా ఒక గీత గీయండి. అదే ధమని. గొంతులో థైరాయిడ్ కార్టిలేజ్ పై అంచు దగ్గర మొదలై, కింది దవడ ఎముక మెడ వెనక ముగుస్తుంది. టెక్స్ట్‌బుక్ పక్కన పెట్టుకుని శాఖలను కింద నుంచి పైకి గుర్తించండి: సుపీరియర్ థైరాయిడ్, అసెండింగ్ ఫారింజియల్, లింగ్యువల్, ఫేషియల్, ఆక్సిపిటల్, పోస్టీరియర్ ఆరిక్యులర్, మాక్సిలరీ, సూపర్‌ఫీషియల్ టెంపోరల్. ఒక్కోదాని పక్కన అది ముందుకా, వెనక్కా, లోపలికా అని కూడా రాయండి. ఈ కాగితం తప్పైతే తర్వాత కట్టేదంతా తప్పే. ఒకసారి గట్టిగా నాటుకున్న తప్పును పీకడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

తొలి అక్షరాలతో వాక్యం

ఇంగ్లిష్‌లో తొలి అక్షరాలతో కట్టే వాక్యాలతో ఒక చిక్కుంది. మొదటి శాఖా ఎస్, చివరిదీ ఎస్. రెండోది ఏ, ఆరోదాని పేరులోనూ ఏ ఉంది. ఏ ఎస్ ఏదో టెన్షన్‌లో గుర్తురాదు. తెలుగులో మనకు హ్రస్వం, దీర్ఘం ఉన్నాయి. సుపీరియర్‌కు పొట్టి సు, సూపర్‌ఫీషియల్‌కు పొడుగు సూ. అసెండింగ్‌కు అ, ఆక్సిపిటల్‌కు ఆ. అక్షరాల వరుస ఇది: సు, అ, లిం, ఫే, ఆ, పో, మా, సూ.

నేను కట్టుకున్న వాక్యం:

సుబ్బమ్మ అరిసెలు లింగంపల్లిలో ఫేమస్, ఆకలేసి పోయాడు మామ సూటిగా.

మీ వాక్యం మీరే కట్టుకుంటే ఇంకా మంచిది, మీ సుబ్బమ్మ మీకు తెలిసిన మనిషి అయి ఉండాలి. ఒక నియమం మాత్రం వదలొద్దు. తొలి అక్షరం ఒక్కటే కాదు, గుణింతం కూడా కలవాలి. 'మా' బదులు 'మి' వస్తే పరీక్షలో మాక్సిలరీకి బదులు మిడిల్ మెనింజియల్ నోటికొస్తుంది. అది మాక్సిలరీ నుంచి పుట్టే శాఖ, ఈ జాబితాలోది కాదు.

మెట్ల మీద పెట్టడం

వాక్యం వరుసను ఇస్తుంది, ఏ శాఖ ఎటు పోతుందో చెప్పదు. తెలిసిన చోట్లలో బొమ్మలు పెట్టి గుర్తుంచుకునే మెమరీ ప్యాలెస్ పని అక్కడ మొదలవుతుంది. కింద నుంచి పైకి పోయే ధమనికి గదుల కన్నా మెట్లు బాగా సరిపోతాయి. రోజూ ఎక్కే మెట్లనే తీసుకోండి, ఒక పక్క గోడ, ఒక పక్క ఖాళీ ఉండేవి. మీరు పైకి చూస్తూ నిలబడితే ఎదురుగా ఉన్నది ముందు, వీపు వెనక ఉన్నది వెనక, గోడ వైపు గొంతు.

మొదటి మెట్టు మీద ఎదురుగా పెద్ద సీతాకోకచిలుక, రెక్కలు విప్పి కిందికి వాలుతోంది. థైరాయిడ్ గ్రంథి ఆకారం అదే, దాని ధమని దిగేది కిందికే. అక్కడే కాస్త పైన, గోడకు తమలపాకు తీగ సన్నగా నిలువునా పాకుతోంది. అది అసెండింగ్ ఫారింజియల్, ఎనిమిదింటిలో చిన్నది, గొంతు గోడ వెంట పైకి పోయేది. మూడో మెట్టు మీద ఎదురుగా నాలుక చాచి రొప్పుతున్న కుక్క, లింగ్యువల్. నాలుగో మెట్టు దగ్గర ఎదురుగా నిలువుటద్దంలో మీ ముఖం, ఫేషియల్.

ఇప్పుడు ఆ మెట్టు మీదే ఆగి వెనక్కి తిరగండి. మల్లెపూలు చుట్టిన పెద్ద కొప్పు కనిపిస్తోంది, తల వెనక భాగం, ఆక్సిపిటల్. దానికి ఇంకో మెట్టు ఎందుకు ఇవ్వలేదంటే, ఆ ధమని ఫేషియల్ పుట్టే చోటుకు దాదాపు ఎదురుగా వెనక నుంచి పుడుతుంది. ఒకే మెట్టు మీద ముందు అద్దం, వెనక కొప్పు పెడితే ఆ సంగతి ఊరికే గుర్తుండిపోతుంది. ఇంకో మెట్టు ఎక్కగానే ఎవరో వెనక నుంచి చెవి మెలిపెడతారు, పోస్టీరియర్ ఆరిక్యులర్. ఆ నొప్పి నిజంగా ఊహించండి. చూసిన బొమ్మ కన్నా ఒంటికి తగిలిన బొమ్మ ఎక్కువ కాలం నిలుస్తుంది.

మెట్లు అయిపోయాయి, మేడ మీద దారి రెండుగా చీలింది. ఒకటి లోపలి చీకటి గదిలోకి, అక్కడ ఆవకాయ జాడీలో పళ్లసెట్టు: మాక్సిలరీ, దవడ వెనక లోతుకు పోయేది. రెండోది నేరుగా పైకి, అక్కడ అమ్మమ్మ కణతలకు అమృతాంజనం రుద్దుకుంటోంది: సూపర్‌ఫీషియల్ టెంపోరల్. చెవి ముందు వేలు మెల్లగా ఆనించి చూడండి, దాని నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. ఎనిమిదో పేరుకు మీ ఒళ్లే గుర్తు.

ఎక్కిందో లేదో తేల్చుకోవడం

అదే రాత్రి ఒకసారి, మర్నాడు, మూడు రోజులకు, వారానికి మెట్లు ఎక్కండి. రెండోసారి నుంచి దిగుతూ కూడా చెప్పండి. నడిమధ్యలోంచీ అడిగించుకోండి: "లింగ్యువల్ తర్వాత ఏంటి? దాని వెనక ఏముంది?" చివరికి ఖాళీ కాగితం మీద గీత గీసి, శాఖలను సరైన వైపుకు గీయండి.

తప్పు వచ్చినప్పుడు ఏ రకం తప్పో చూడండి. మెట్టు మీద కుక్క కనిపిస్తోంది కానీ పేరు రావడం లేదంటే బొమ్మకూ పేరుకూ ముడి వదులైంది, నాలుకను ఇంకా పెద్దది చేయండి. మెట్టు ఖాళీగా కనిపిస్తే బొమ్మ ఆ చోటుకు అంటుకోలేదు. కుక్కను మెట్టుకు గొలుసుతో కట్టేయండి, మీ దారికి అడ్డం పడనివ్వండి. బొమ్మలన్నీ ఉండి వరుస తప్పితే సుబ్బమ్మ వాక్యంతో సరిచూసుకోండి. రెండూ కట్టుకున్నది ఒకటి తప్పితే ఇంకోటి పట్టుకుంటుందనే.

ఇది టెక్స్ట్‌బుక్ వరుస, ప్రతి మనిషి మెడలోనూ ఇలాగే ఉండదు. లింగ్యువల్, ఫేషియల్ కొందరిలో ఒకే మొదలు నుంచి పుడతాయి. అసెండింగ్ ఫారింజియల్ పుట్టే చోటూ మారుతుంది. డిసెక్షన్ టేబుల్ దగ్గర ధమని పేరు చెప్పాల్సింది వరుస లెక్కపెట్టి కాదు, అది ఎటు పోతోందో చూసి.

తర్వాతి జాబితాకు, అది క్రేనియల్ నర్వ్‌లు అనుకుందాం, ఈ మెట్లు వాడొద్దు. పాత కుక్క ఇంకా అక్కడే రొప్పుతూ ఉంటుంది. దానికి వంటగదో, హాస్టల్ కారిడారో చూసుకోండి.