‘బై-వీక్లీ’ అంటే ఎప్పుడెప్పుడు? తికమక లేకుండా షెడ్యూల్ రాయడం ఎలా?

‘బై-వీక్లీ క్లాసు’ అని మెసేజ్ వస్తే ఒకరు వారానికి రెండుసార్లు అనుకుంటారు, ఇంకొకరు రెండు వారాలకోసారి అనుకుంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఇంగ్లిష్ నిఘంటువులే ఆ మాటకు రెండు అర్థాలూ ఇస్తున్నాయి. ఫోర్ట్‌నైట్లీతో ఆ చిక్కు లేదు, అది కచ్చితంగా రెండు వారాలకోసారే. కానీ అమెరికాలో ఆ మాట పెద్దగా వాడరు కాబట్టి అక్కడివాళ్లకు రాసేటప్పుడు అది కూడా పనికిరాకపోవచ్చు.

అసలు ఇబ్బంది ‘రెండు వారాలకోసారి’, ‘నెలకు రెండుసార్లు’ అనే రెండింటినీ ఒకటే అనుకోవడంతో వస్తుంది. మొదటిది ఏడాదికి 26 సార్లు, రెండోది 24 సార్లు. కొన్ని వారాలు రెండూ కలిసే నడుస్తాయి, అందుకే తేడా వెంటనే కనిపించదు.

మన బ్యాంకు సెలవులే చూడండి. 2015 సెప్టెంబర్ నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. బ్యాంకు ఉద్యోగుల కోసం ఒక సంగీతం టీచర్ శనివారం క్లాసు పెట్టారనుకుందాం. సెలవు రోజుల్లోనే పడుతుందని 2026 జనవరి 10న మొదలుపెట్టి ‘రెండు వారాలకోసారి’ అని రాశారు. జనవరి 10 రెండో శనివారం, 24 నాలుగో శనివారం. బాగానే ఉంది. మూడో క్లాసు ఫిబ్రవరి 7న వస్తుంది. అది మొదటి శనివారం, బ్యాంకు తెరిచే ఉంటుంది! జనవరిలో ఐదు శనివారాలు ఉండటమే కారణం. ఆ నెల 24 తర్వాత వచ్చే సెలవు శనివారం ఫిబ్రవరి 14, అంటే మధ్యలో మూడు వారాలు. ఒక్కసారి తప్పిన లెక్క తొందరగా దారికి రాదు. ఫిబ్రవరి 7 నుంచి మే 30 దాకా వరసగా తొమ్మిది క్లాసులు రెండో, నాలుగో శనివారాల్లో పడవు. జూన్ 13న గానీ మళ్లీ కలవదు.

కాబట్టి షెడ్యూల్ రాసే ముందు ముఖ్యం ఏమిటో తేల్చుకోండి.

1. ఎడం ముఖ్యమా, నెల ముఖ్యమా? రెండు క్లాసుల మధ్య ఎప్పుడూ 14 రోజులే ఉండాలంటే ‘రెండు వారాలకోసారి’. నెలలో ఫలానా రోజులకు ముడిపడి ఉంటే ‘ప్రతి నెలా రెండో, నాలుగో శనివారం’ అనో, ‘ప్రతి నెలా 1, 15 తేదీల్లో’ అనో రాయండి. మనం అలవాటుగా అనే ‘పదిహేను రోజులకోసారి’ నోటిమాటగా ఫర్వాలేదు గానీ, కాగితం మీద వద్దు. అక్షరాలా లెక్కపెడితే ఈసారి శనివారమైనది వచ్చేసారి ఆదివారం అవుతుంది.

2. వారం పేరు, మొదటి తేదీ, తర్వాతి రెండు మూడు తేదీలు రాయండి. ‘ఒక శనివారం విడిచి మరో శనివారం’ అని మాత్రమే చెబితే ఏ శనివారంతో మొదలో తెలియదు, సగంమంది ఒక వారం, సగంమంది మరో వారం వస్తారు. టీచర్ ఇలా రాస్తే సరిపోయేది: ‘ప్రతి నెలా రెండో, నాలుగో శనివారం ఉదయం 10 గంటలకు. మొదటి క్లాసులు జనవరి 10, జనవరి 24, ఫిబ్రవరి 14.’ మూడో తేదీ చూడగానే మూడు వారాల ఎడం ఉందని ఎవరికైనా తెలిసిపోతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఈ మూడో తేదీయే. రెండు తేదీలిస్తే రెండు పద్ధతులూ ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది.

3. పండగ వస్తే ఏం చేస్తారో ఒక్క వాక్యం. క్లాసు రద్దా, మర్నాటికి మారుతుందా? రెండు వారాల షెడ్యూల్ అయితే, ఒకటి మారినా తర్వాతివి పాత తేదీల ప్రకారమే ఉంటాయో లేదో కూడా చెప్పాలి.

4. క్యాలెండర్‌లో సరైన నియమం పెట్టండి. క్యాలెండర్ ఫైళ్లలో ఈ రెండూ ఇలా ఉంటాయి:

```
FREQ=WEEKLY;INTERVAL=2;BYDAY=SA
FREQ=MONTHLY;BYDAY=2SA,4SA
```

పైది రెండు వారాలకోసారి శనివారం, కిందది రెండో, నాలుగో శనివారం. పెట్టాక నాలుగైదు నెలలు ముందుకు జరిపి తేదీలు చూసుకోండి.

5. డబ్బు ఉంటే ఏడాదికి ఎన్నిసార్లో అంకె రాయించుకోండి. అమెరికాలో ఉద్యోగంలో చేరేవాళ్లకు ఇది మరీ అవసరం. ఒక్కో జీతం 3,000 డాలర్లు అంటే, రెండు వారాలకోసారి ఇస్తే ఏడాదికి 78,000, నెలకు రెండుసార్లయితే 72,000. రెండు వారాల పద్ధతిలో కొన్ని నెలల్లో మూడు జీతాలు పడతాయి. 2026లో జనవరి 2, శుక్రవారంతో మొదలైతే జనవరిలోనూ జులైలోనూ అలా వస్తాయి. మిగతా నెలల్లో రెండే కాబట్టి అద్దె, వాయిదాలు ఆ రెండింటికే సరిపోయేలా చూసుకోవాలి.