మెంటర్‌కి థాంక్యూ మెయిల్ రాసేటప్పుడు
ఇంటర్న్‌షిప్ చివరి రోజు సాయంత్రం దాకా ఆగకండి. లాప్‌టాప్ అప్పగించాక ఆఫీసు మెయిల్ ఆగిపోతే మెంటర్ ఇచ్చే జవాబు మీకు చేరదు. ఒకటి రెండు రోజుల ముందే పంపి, కింద మీ సొంత మెయిల్ ఐడీ రాయండి.

"మీ దగ్గర చాలా నేర్చుకున్నాను" అనే వాక్యం ఎవరికైనా పంపొచ్చు, అందుకే గుర్తుండదు. దాని బదులు మెంటర్ చెప్పిన ఒక మాట, దానివల్ల మీ పనిలో వచ్చిన మార్పు రాయండి. ఉదాహరణకి: "మేడమ్, రెండో వారంలో నా కోడ్ రివ్యూ చేస్తూ, 400 లైన్ల మార్పును మూడు ముక్కలుగా పంపమన్నారు. అప్పటినుంచి తప్పు ఏ ముక్కలో ఉందో రివ్యూకి ముందే నాకు కనబడుతోంది. చివరి ప్రాజెక్టు మొత్తం అలాగే పంపాను." మెయిల్‌కి ప్రాణం ఈ మూడు వాక్యాలే. చివర మీరు ఇకముందు ఏం చేయబోతున్నారో ఒక లైను రాస్తే చాలు, ఏడెనిమిది వాక్యాలు దాటనక్కర్లేదు.

అదే మెయిల్‌లో సిఫారసు లేఖ అడగొద్దు. అడిగితే పైన రాసిందంతా దానికోసమే అనిపిస్తుంది. వారం ఆగి వేరే మెయిల్ పెట్టండి. మేనేజర్‌ని సీసీలో పెట్టడం మాత్రం మంచిదే, మెంటర్ పడ్డ శ్రమ పైవాళ్లకీ తెలుస్తుంది.