ఛాతీలో మంట: గ్యాసా, గుండెపోటా? రాత్రిపూట ఎలా తేల్చుకోవాలి?

పరకాల దగ్గర ఒక ఊళ్లో దావత్ అయింది అనుకుందాం. బగారా అన్నం, మటన్ తిని వచ్చిన యాభై రెండేళ్ల మనిషికి రాత్రి పదిన్నరకు పొట్ట పైభాగంలో, రొమ్ము ఎముక కింద పట్టేసినట్టు అయింది. ఆయనకు షుగర్ ఉంది. ఇంట్లోవాళ్లు "గ్యాస్ పట్టింది, జర సోడా తాగు, తగ్గుతది" అన్నారు. తాగాక రెండు త్రేన్పులు వచ్చి కాస్త తేలికైంది. పావుగంటకు ఒళ్లంతా చల్లటి చెమట, వాంతి వచ్చినట్టు వికారం.

ఇది గుండెపోటే అయ్యే అవకాశం బాగా ఉంది. గుండె నుంచి, అన్నవాహిక నుంచి నొప్పిని మోసే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోటికి చేరతాయి. అందుకే నొప్పి ఎక్కడిదో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. గుండె కింది గోడకు రక్తం ఆగితే నొప్పి పొట్టలోనే తెలియొచ్చు, వాంతులూ కావచ్చు.

ముందు కూర్చోబెట్టండి, టైమ్ చూడండి

నొప్పి ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకోండి. దవాఖానలో మొదట అడిగేది అదే. మెట్లు ఎక్కనివ్వకండి, అటూ ఇటూ నడిపించకండి.

తర్వాత నొప్పి తీరు అడగండి

యాసిడ్ పైకి ఎగదన్నితే మంట పొట్ట నుంచి గొంతు వైపు పాకుతుంది. నోట్లోకి పుల్లటి నీళ్లు వస్తాయి. పడుకున్నా వంగినా ఎక్కువవుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది. చాలామందికి ఇది నెలల తరబడి ఉన్న అలవాటైన బాధే.

గుండెనొప్పి మంటలా కాకుండా బరువులా, బిగింపులా ఉంటుంది. ఎక్కడ నొప్పి అంటే వేలితో కాకుండా అరచేతిని ఛాతీ మీద పెట్టి చూపిస్తారు. ఎడమ చేతికే కాదు, రెండు చేతులకూ, దవడకూ, వీపుకూ పాకొచ్చు. పక్కకు తిరిగినా, లేచి కూర్చున్నా మారదు. చల్లటి చెమట, ఆయాసం, కళ్లు తిరగడం తోడైతే ఇక గ్యాస్ అనే మాట పక్కన పెట్టండి. షుగర్ ఉన్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు, ఆడవాళ్లకు కొన్నిసార్లు నొప్పే లేకుండా ఆయాసం, నీరసం, వికారం మాత్రమే ఉండొచ్చు.

గ్యాస్ గోలీతో పరీక్ష పెట్టకండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సోడాతోనో, గ్యాస్ మందుతోనో తగ్గినంత మాత్రాన అది గుండెది కాదని చెప్పలేం, గుండెపోటు నొప్పి కూడా మధ్యలో తగ్గి మళ్లీ వస్తుంది. పాంటాప్రజోల్ లాంటి గోలీ పనిచేయడానికే గంటలు పడుతుంది. పది నిమిషాల్లో తగ్గితే అది గోలీ మహిమ కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ సూది వేసి "పొద్దున చూద్దాం" అంటే ఆగకండి.

108కి ఎప్పుడు చేయాలి

కొత్త రకం నొప్పి లేదా బిగింపు పది నిమిషాలు దాటినా తగ్గకపోతే చేయండి. చెమట, ఆయాసం ఉంటే ఆ పది నిమిషాలు కూడా చూడొద్దు. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లకండి, దారిలో గుండె లయ తప్పితే చేయడానికి ఏమీ ఉండదు. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తపు వాంతులు గానీ నల్లటి విరేచనాలు గానీ అయినవాళ్లు తప్ప మిగతావాళ్లు 108 వాళ్లను అడిగి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగొచ్చు. 75 మిల్లీగ్రాముల గోలీలైతే నాలుగు. పక్కింటివాళ్లు వాడే, నాలుక కింద పెట్టుకునే గుండె గోలీ మాత్రం వద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

దవాఖానలో ఏమి చెప్పాలి

"గ్యాస్" అనకండి, "ఛాతీ నొప్పి, పదిన్నరకు మొదలైంది" అనండి. గ్యాస్ అంటే లైన్‌లో కూర్చోబెడతారు. వెళ్లిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటి ఈసీజీ బాగుందని ఇంటికి పంపితే, నొప్పి ఇంకా ఉంటే మళ్లీ తీయమనండి. గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా నొప్పి మొదలైన తొలి గంటల్లో నార్మల్‌గా రావొచ్చు, అందుకే కొన్ని గంటలు ఆగి మళ్లీ చేస్తారు.

రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని ఈసీజీలో తేలితే, రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ చేయగలిగితే అదే మంచిది. పరకాల వాళ్లకు వరంగల్ దగ్గరే. ఏటూరునాగారం నుంచైతే దాదాపు వంద కిలోమీటర్లు. అంత దూరం నుంచి వచ్చేవాళ్లకు దగ్గరి దవాఖానలోనే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ వేసి ఆ తర్వాత పంపడం మేలు. అది అక్కడ ఉందో లేదో 108 ఎక్కగానే అడగండి.

నడిస్తే వచ్చే "గ్యాస్"

పొలం గట్టు మీద నడిచినప్పుడో, మెట్లు ఎక్కినప్పుడో ఛాతీ బిగుసుకుని, ఆగితే నాలుగైదు నిమిషాల్లో తగ్గిపోతుందా? ఆగినప్పుడు త్రేన్పు వస్తే దానివల్లే తగ్గిందనుకుంటారు. తగ్గింది ఆగినందుకు. ఇది గుండె రక్తనాళం సన్నబడిన గుర్తు కావచ్చు. ఒకటి రెండు రోజుల్లో గుండె డాక్టర్‌కు చూపించండి. తక్కువ నడకకే వస్తున్నా, ఖాళీగా కూర్చున్నప్పుడు వచ్చినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి.