పఫ్ కుట్టు తల దగ్గర వదులు: నాకు పనిచేసిన పద్ధతి

నరసాపురం పక్కన పుట్టి, లేసు అల్లడం చూస్తూ పెరిగిన నాకు ఉన్నితో క్రోషేలో పఫ్ అనే ఉబ్బెత్తు కుట్టు రావట్లేదంటే మా పిన్ని నవ్వింది. ఒక్కోటి ఒక్కో ఎత్తు, తల దగ్గర వదులుగా చిన్న కన్నం. సూది మార్చాను, ఉన్ని మార్చాను, గట్టిగా లాగాను, లాభం లేదు.

కుదిరింది ఇలా. సూదికి దారం చుట్టి, కింది కుట్టులో దూర్చి, లూప్‌ని పక్కనున్న పొడుగు కుట్టు ఎత్తుకి లాగాను. అదే చోట మొత్తం 4 సార్లు. ముందున్న లూప్‌తో కలిపి సూది మీద 9 ఉండాలి. 8 వస్తే ఎక్కడో దారం చుట్టడం మర్చిపోయినట్టే. నేనెన్నిసార్లు మర్చిపోయానో! లూపుల్ని చూపుడు వేలితో అదిమి పట్టి, దారం చుట్టి 8 లూపుల్లోంచి మాత్రమే లాగాను. మిగిలిన రెండింటినీ ఇంకో చుట్టుతో ముగించాను. ఈ రెండో చుట్టే మెడ బిగించి కన్నం మూసింది.

బాబుల్ అనే ఇంకో ఉబ్బెత్తు కుట్టుకి ఈ లెక్క కాదు. అందులో ఒక్కో పొడుగు కుట్టునీ చివరి మెట్టు ముందు ఆపుతాం, కాబట్టి 5 కుట్లకి 6 లూపులే. నేను చేసింది మధ్యరకం ఉన్నితో. లావు ఉన్నికి 3 సార్లు, అంటే 7 లూపులు చాలేమో, ముందు చిన్న ముక్క అల్లి చూడండి.